ఎమ్మెల్యే ఆఫీసు నుంచి ఫోన్ వచ్చాక: నోటి మాటను ఫైల్లోకి ఎక్కించే పద్ధతి

"బిల్లు పెట్టేయమని పైనుంచి ఫోన్ వచ్చింది. కాదంటే బదిలీ, ఔనంటే విజిలెన్స్. ఏం చేయాలి?" అసిస్టెంట్ ఇంజినీర్లు అంటే ఏఈలు, తహసీల్దార్లు, ఎంపీడీవోలు, మున్సిపల్ కమిషనర్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. నీతిగా ఉండాలని వాళ్లందరికీ తెలుసు. ఫోన్ పెట్టేసిన తర్వాత మొదటి గంటలో ఏ కాగితం మీద ఏం రాయాలన్నదే తెలియాల్సింది. ఈ మార్గదర్శి దాని గురించే.

మొదటి నుంచి చివరిదాకా ఒకే కేసు పట్టుకుని వెళ్దాం. ఇది ఊహించి రాసిందే కానీ, ఇంజినీరింగ్ సెక్షన్లో పనిచేసిన ఎవరికైనా తెలిసిన కథే.

ఒక ఊళ్లో సీసీ రోడ్డు. అంచనా ప్రకారం పొడవు 200 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, మందం 150 మి.మీ. అంటే 90 ఘనపు మీటర్ల కాంక్రీటు. గురువారం క్వాలిటీ కంట్రోల్ వాళ్లు మూడు చోట్ల కోర్లు, అంటే రోడ్డును తొలిచి కాంక్రీటు ముక్కలు తీశారు. మందం 118, 124, 118 మి.మీ. వచ్చింది. సగటు 120. ఆ లెక్కన రోడ్డులో ఉన్న కాంక్రీటు 72 ఘనపు మీటర్లే, అంటే 18 తక్కువ. ఘనపు మీటరుకు 6,000 రూపాయలు అనుకున్నా, వేయని కాంక్రీటుకు 1,08,000 చెల్లించినట్టు అవుతుంది.

శుక్రవారం సాయంత్రం 6.10కి ఏఈకి ఫోన్. "సారు చెప్పమన్నారు. సోమవారానికి ఎం-బుక్ రాసి బిల్లు పంపేయండి. కాంట్రాక్టరు మనవాడే." ఎం-బుక్ అంటే పని కొలతలు నమోదు చేసే పుస్తకం.

## 1. ఫోన్ రాకముందే చేసుకోవలసినవి

ముందు తేల్చుకోవలసింది, మీకు ఆదేశం ఇచ్చే అధికారం ఎవరికుంది అన్నది. మన కేసులో ఏఈకి పై అధికారి డీఈఈ, ఆయన పైన ఈఈ, ఆ పైన ఎస్‌ఈ. ఈ వరుసలో ఎమ్మెల్యే లేరు. ప్రజాప్రతినిధిగా ఆయన సమస్య చెప్పవచ్చు, సమాచారం అడగవచ్చు, ఆలస్యం ఎందుకని నిలదీయవచ్చు. ఆదేశం ఇవ్వలేరు. శాఖ మంత్రి సంగతి వేరు. ఆయన నిర్ణయం ప్రభుత్వ నిర్ణయం కావచ్చు, కానీ అది ఫైలు మీద నమోదై, సచివాలయం నుంచి శాఖాధిపతి మీదుగా కాగితం రూపంలో కిందికి రావాలి. మంత్రిగారు కారు అద్దం దించి చెప్పిన మాట ఆ దారిలో వచ్చింది కాదు.

రెండోది, నియమం. అఖిల భారత సర్వీసులకు 1968 నాటి ప్రవర్తనా నియమావళి, కేంద్ర ఉద్యోగులకు 1964 నాటి కేంద్ర నియమావళి, రాష్ట్ర ఉద్యోగులకు అదే ఏడాది వచ్చిన ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి వర్తిస్తాయి. విభజన తర్వాత తెలంగాణ కూడా ఆ రాష్ట్ర నియమావళినే అన్వయించుకుంది. మూడింటిలోనూ రూల్ 3 సారం ఒకటే: ఉద్యోగి తన వివేచన ప్రకారం పనిచేయాలి. పై అధికారి ఆదేశం మీద చేస్తుంటే ఆ ఆదేశం రాతలో ఉండాలి. తప్పనిసరై నోటి మాట మీద చేయాల్సి వస్తే వీలైనంత త్వరగా రాతపూర్వక ధ్రువీకరణ తీసుకోవాలి. అఖిల భారత, కేంద్ర నియమావళుల్లో ఇంకో మాట కూడా ఉంది. అడిగినప్పుడు అలా ధ్రువీకరించడం పై అధికారి బాధ్యత.

2013 అక్టోబరు 31న టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని నొక్కి చెప్పింది. నోటి ఆదేశాల మీద నడిచే పాలనలో జవాబుదారీ ఉండదని, రికార్డే లేకపోతే సమాచార హక్కు చట్టానికి కూడా అర్థం ఉండదని అంది. ఈ తీర్పు పేరు, తేదీ డైరీ మొదటి పేజీలో రాసిపెట్టుకోండి. మెమోకు జవాబు రాయాల్సిన రోజున వెతుక్కోనక్కర్లేదు.

మూడోది, ఎవరూ ఇష్టంగా వినని సంగతి. ఇప్పుడున్న పోస్టింగ్ ఎమ్మెల్యే సిఫారసు లేఖతో తెచ్చుకున్నదైతే, ఆ ఫోన్‌కు కాదని చెప్పడం కష్టం. సర్వీసు విషయాల్లో రాజకీయ పలుకుబడి వాడటాన్ని ప్రవర్తనా నియమాలే నిషేధించాయి. అంటే ఆ లేఖ మీకు మేలు చేసిన కాగితమే కాదు, మీ మీద వాడదగ్గ కాగితం కూడా. కాంట్రాక్టరు కారులో సైట్‌కు వెళ్లడం, ఆయన ఖర్చుతో ఇంట్లో ఫంక్షన్ చేయడం కూడా ఇలాంటివే. "మీ అమ్మాయి పెళ్లికి టెంట్లు ఎవరు వేయించారు సార్?" అని అడిగే రోజు ఒకటి వస్తుంది.

ఈ వారమే సరిచూసుకోండి:

- జనవరిలో ఇవ్వాల్సిన ఆస్తుల వివరాలు ఇచ్చారా, అందినట్టు కాపీ ఉందా
- కొన్న, అమ్మిన ఆస్తులకు సమాచారం ఇచ్చారా, అనుమతి అవసరమైన చోట తీసుకున్నారా
- పేజీ నంబర్లు వేసిన, కుట్టు బైండింగ్ డైరీ ఒకటి ఉందా (విడి కాగితాలు, ఫోన్‌లో నోట్సు దానికి సాటి రావు)
- మీ పరిధిలో ఉన్న పనుల కాంట్రాక్టర్లలో చుట్టాలెవరైనా ఉన్నారా, ఉంటే పై అధికారికి రాసిచ్చారా

## 2. అడిగిందేమిటో ముందు వేరు చేయండి

రాజకీయ నాయకుడి నుంచి వచ్చే ప్రతి ఫోనూ ఒత్తిడి కాదు. ఆ తేడా పట్టుకోలేని అధికారి రెండు వైపులా నష్టపోతాడు. న్యాయమైన మాటను అవమానించి శత్రువును తెచ్చుకుంటాడు, అన్యాయమైన మాటను మర్యాద అనుకుని తల ఊపుతాడు.

"ఫలానా ముసలమ్మకు మూడు నెలలుగా పింఛను ఆగింది, ఎందుకో చూడండి" అన్నది విన్నపం. అలా అడగడం ఆయన పని, చూడటం మీ పని. "మా ఊరి రోడ్డు ముందు మొదలుపెట్టండి" అన్నది మీ విచక్షణలోకి వస్తుంది. నియమం రెండింటికీ వీలిస్తే, ఏది ముందో కారణంతో తేల్చి ఆ కారణం రాయండి. "లేని మందం ఉన్నట్టు రాయండి" అన్నది మూడో రకం.

మూడో రకమని ఎలా గుర్తుపట్టాలి? ఒకే ప్రశ్న వేసుకోండి: అడిగిన పని చేసి, దానికి అసలు కారణాన్ని నోట్ ఫైల్లో ఉన్నదున్నట్టు రాయగలనా? "ఎమ్మెల్యేగారు ఆ ఊళ్లో తాగునీటి ఇబ్బంది గురించి చెప్పారు, తనిఖీ చేస్తే నిజమే, కాబట్టి ముందు చేపట్టాం" అని రాయవచ్చు. "కాంట్రాక్టరు మనవాడు కాబట్టి 120ని 150గా రాశాం" అని రాయలేరు. రాయలేనిదైతే అది మూడో రకమే.

## 3. ఫోన్‌లో ఏం అనాలి, ఏం అనకూడదు

మన ఆఫీసుల్లో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట "చూద్దాం సార్". చెప్పేవాడి మనసులో అది "కాదు". వినేవాడి చెవిలో అది "ఔను". సోమవారం బిల్లు కదలకపోతే "ఒప్పుకుని మాట తప్పాడు" అన్న కోపం అదనం. "ప్రయత్నిస్తాను", "పై వాళ్లతో మాట్లాడి చెప్తా" కూడా అదే కోవ. రెండోది ఇంకా చెడ్డది, ఎందుకంటే ఒత్తిడిని మీ డీఈఈ మీదికి మీరే తోసినట్టవుతుంది.

దానికి ఎదురుగా ఇంకో తప్పుంది. "మీకా అధికారం లేదు, నాకు ఆర్డరు రాసివ్వండి" అని తిరగబడటం. ధైర్యంగా వినిపిస్తుంది కానీ ఇందులో సాంకేతికమైన పొరపాటు కూడా ఉంది. ఆయనకు ఆదేశించే అధికారమే లేనప్పుడు ఆయన రాసిచ్చినా అది ఆదేశం కాదు, లేఖ మాత్రమే. పొరపాటున ఆయన నిజంగానే లెటర్‌హెడ్ మీద రాసిచ్చారనుకోండి, అది రక్షణ అనుకుని ఎం-బుక్ రాసేస్తే ఇరుక్కునేది మీరే. రాతపూర్వక ధ్రువీకరణ అడగాల్సింది పై అధికారిని, ఎమ్మెల్యేని కాదు.

మాట్లాడే వరుస ఇది:

1. ఎవరు మాట్లాడుతున్నారో పేరు, హోదా అడిగి, వెంటనే రాసుకోండి. "పీఏని" అన్న ప్రతివాడూ పీఏ కాదు. అనుమానం ఉంటే మర్యాదగా పెట్టేసి, మీకు తెలిసిన ఆఫీసు నంబరుకు మీరే చేయండి. సగం "సారు చెప్పమన్నారు"లు సారుకు తెలియకుండానే వస్తాయి.
2. అడిగింది తిరిగి చెప్పించండి. "అంటే 150 మి.మీ. పూర్తి మందానికి కొలత రాయమంటున్నారా అండీ?" చాలాసార్లు ఈ ప్రశ్నకే అవతలివాళ్లు వెనక్కి తగ్గుతారు. "అలా అనలేదు, త్వరగా చూడమన్నాం" అంటారు. అంటే విషయం మొదటి రకంలోకి మారిపోయినట్టే.
3. వాస్తవం చెప్పండి, అభిప్రాయం వద్దు. "కోర్లలో 120 వచ్చిందండీ" చాలు. "మీ కాంట్రాక్టరు దొంగ" అనక్కర్లేదు.
4. చేయలేనిది, చేయగలిగింది ఒకే ఊపిరిలో చెప్పండి. "ఉన్న కొలత కంటే ఎక్కువ రాయడానికి నాకు వీల్లేదండీ. కొలత మీద కాంట్రాక్టరుకు అభ్యంతరం ఉంటే దరఖాస్తు ఇమ్మనండి, ఆయన ఎదుటే మళ్లీ కోర్లు తీయించమని ఈఈగారికి రాస్తాను."

నాలుగోదానిలో ఉన్న రెండో వాక్యమే అసలు కీలకం. ఎమ్మెల్యే దగ్గరికి వచ్చి కూర్చున్నవాడికి ఆయన ఏదో ఒకటి చెప్పి పంపాలి. చట్టం ఒప్పుకునే దారి ఒకటి మీరు ఇస్తే ఆయన ముఖం నిలుస్తుంది, మీ కొలతా నిలుస్తుంది.

ఎదురుపడి మాట్లాడాల్సి వస్తే ఆఫీసులోనే, ఇంకో ఉద్యోగి ఉండగా మాట్లాడండి. గెస్ట్‌హౌసుకో, ఇంటికో రమ్మంటే "ఆఫీసుకు వస్తే ఫైలు ముందు పెట్టుకుని మాట్లాడదామండీ" అనండి. ఆయన వచ్చినప్పుడు లేచి నిలబడండి, వెళ్లేటప్పుడు గుమ్మందాకా వెళ్లండి. ప్రజాప్రతినిధులతో మెలగడం గురించి ప్రభుత్వాలు ఇచ్చిన సూచనల్లో ఇది స్పష్టంగా ఉంది. కేంద్రం సూచనల ప్రకారం వాళ్ల లేఖ అందినట్టు 15 రోజుల్లో తెలపాలి, ఆ తర్వాత 15 రోజుల్లో జవాబివ్వాలి. సభా హక్కుల ఉల్లంఘన నోటీసు అసలు విషయంలో కాదన్నందుకంటే, కుర్చీ వేయలేదని, ఫోన్ ఎత్తలేదని, లేఖకు జవాబివ్వలేదని తేలిగ్గా వస్తుంది.

## 4. అదే రోజు నోట్ రాయండి

ఆలస్యమైన నోట్‌కు విలువ తగ్గుతుంది. ఛార్జ్ మెమో వచ్చాక, "ఆరు నెలల కింద నాకు ఫోన్ వచ్చింది" అని రాస్తే ఎంక్వయిరీ అధికారి మొదట అడిగేది "అప్పుడెందుకు రాయలేదు?" అనే. ఆ రాత్రికే డైరీలో, మరుసటి పనిదినం ఉదయానికి ఫైల్లో ఉండాలి.

మన ఏఈ రాయాల్సిన నోట్ ఇలా ఉండవచ్చు:

> "విషయంలోని సీసీ రోడ్డు పనికి సంబంధించి, శుక్రవారం సాయంత్రం 6.10 గంటలకు గౌరవ శాసనసభ్యుల వ్యక్తిగత సహాయకులమని చెప్పిన వ్యక్తి ఫోన్ చేసి, అంచనా ప్రకారం పూర్తి మందానికి కొలతలు నమోదు చేసి సోమవారంలోగా బిల్లు పంపవలసిందిగా కోరారు. క్వాలిటీ కంట్రోల్ విభాగం గురువారం తీసిన మూడు కోర్లలో మందం 118, 124, 118 మి.మీ.; సగటు 120 మి.మీ. అంచనా మందం 150 మి.మీ. ఉన్న కొలతకు మించి నమోదు చేయడానికి వీలుకాదని తెలియజేశాను. అభ్యంతరం ఉంటే కాంట్రాక్టరు సమక్షంలో తిరిగి కోర్లు తీయడానికి దరఖాస్తు ఇవ్వవచ్చని చెప్పాను. వాస్తవ కొలతలు ఎం-బుక్‌లో నమోదు చేసి, లోటుపై ఒప్పందం ప్రకారం తీసుకోవలసిన చర్య కోసం సమర్పిస్తున్నాను."

ఇందులో లేనివి కూడా చూడండి. "ఒత్తిడి" అనే మాట లేదు. "బెదిరించారు" లేదు. "నిజాయితీగల ఉద్యోగిగా" లేదు. విశేషణాలు పెట్టిన నోట్‌ను అవతలి లాయరు విశేషణం దగ్గరే పట్టుకుంటాడు. గంట, మాట, కొలత మీద గొడవపడటం కష్టం. నిజంగా బెదిరిస్తే, వాళ్లన్న మాటే కొటేషన్లో పెట్టండి, మీ మాటల్లో తిరగరాయకండి.

"శాసనసభ్యులు ఆదేశించారు" అని కూడా రాయలేదు, "కోరారు" అనే ఉంది. ఆదేశం అని రాస్తే, ఆయనకు ఆ అధికారం ఉందని మీరే ఒప్పుకున్నట్టు. ఫోన్ చేసింది పీఏ అయితే పీఏ అనే రాయాలి. ఎమ్మెల్యే అని రాస్తే, ఆయన ఆ సమయంలో సభలో ఉన్నారని తేలిన రోజు మీ నోట్ మొత్తం అబద్ధమవుతుంది.

ఈ-ఆఫీస్‌లో పనిచేసేవాళ్లకు ఒక హెచ్చరిక. పసుపు నోట్ చిత్తు ప్రతి మాత్రమే, దాన్ని చెరిపేయవచ్చు. దాన్ని ఖాయం చేస్తే ఆకుపచ్చ నోట్ అవుతుంది. పై అధికారికి పంపాక దాన్ని మార్చడం కుదరదు. "నేను నోట్ పెట్టాను" అనుకుని పసుపు నోట్ దగ్గరే ఆగిపోయినవాళ్లున్నారు. అది ఫైల్లో లేనట్టే లెక్క.

పంపేముందు:

- తేదీ, గంట, మాట్లాడినవారు ఎలా పరిచయం చేసుకున్నారు
- వాళ్లు కోరింది, వీలైతే వాళ్ల మాటల్లోనే
- మీరిచ్చిన జవాబు
- నియమం లేదా కొలత ఏం చెబుతోంది
- మీరు చేసింది, ఇప్పుడు పై అధికారి తేల్చవలసింది

## 5. ఒత్తిడి పై అధికారి నోటి నుంచే వస్తే

అసలు చిక్కు ఇక్కడుంది. సోమవారం పొద్దున డీఈఈ పిలిచి "ఎమ్మెల్యేతో మనకెందుకు గొడవ? రాసేయ్, చెక్ మెజర్‌మెంట్ నేను చూసుకుంటా" అంటారు. చెక్ మెజర్‌మెంట్ అంటే ఏఈ రాసిన కొలతలను పై అధికారి సరిచూడటం. ఇప్పుడు చెప్పింది మీకు ఆదేశమివ్వగల మనిషి. కాబట్టి రూల్ 3 ఇక్కడ పనికొస్తుంది.

ఆయన గదిలోంచి బయటికి రాగానే, నాలుగు వాక్యాలకు మించని లేఖ రాయండి: "ఈ రోజు ఉదయం తమరు మౌఖికంగా తెలిపిన ప్రకారం ఫలానా పనికి 150 మి.మీ. మందానికి కొలతలు నమోదు చేయవలసి ఉంది. కోర్ల ఫలితం 120 మి.మీ. (నివేదిక జతపరిచాను). ఈ స్థితిలో తమ ఆదేశాన్ని దయచేసి రాతపూర్వకంగా ధ్రువీకరించవలసిందిగా కోరుతున్నాను. అంతవరకు వాస్తవ కొలతలే నమోదు చేస్తున్నాను." దాన్ని తపాలు ద్వారా లేదా ఈ-ఆఫీస్‌లో పంపండి. చేతికిచ్చి రావద్దు. చేతికిచ్చిన కాగితం సొరుగులోకి పోతుంది, అందిందనే రుజువు మీ దగ్గర మిగలదు.

దీనికి జవాబు మూడు రకాలుగా ఉంటుంది.

జవాబే రాదు. ఎక్కువగా జరిగేది ఇదే, నిజానికి ఇదే మంచిది కూడా. వారం తర్వాత ఒక జ్ఞాపిక పంపండి, ఈలోగా వాస్తవ కొలతలతో ఫైలు నడుపుతూనే ఉండండి.

"నేనలా అనలేదు" అని రాస్తారు. కోపం తెచ్చుకోకండి. మీకు కావలసిన కాగితం అదే.

"అవును, రాయండి" అని సంతకం పెడతారు. చాలామంది ఇక్కడే పొరపడతారు. రాతలో వచ్చింది కాబట్టి ఇక నాది బాధ్యత కాదనుకుంటారు. ఆదేశం దేని గురించో చూడాలి.

ఆదేశం విచక్షణ గురించైతే, అంటే ఏ రోడ్డు ముందు, గడువు ఎంత పొడిగించాలి, రెండు సక్రమమైన మార్గాల్లో ఏది అన్నదైతే, మీ భిన్నాభిప్రాయం ఒకసారి రాసి, ఆ తర్వాత ఆయన చెప్పినట్టు చేయండి. అది ఆయన అధికారం. అక్కడ మొండికేయడం నిజాయితీ కాదు, క్రమశిక్షణా రాహిత్యం.

ఆదేశం వాస్తవం గురించైతే ఎవరూ మార్చలేరు. 120 మి.మీ.ను ఈఈ ఆదేశం 150 చేయలేదు, ముఖ్యమంత్రి ఆదేశమూ చేయలేదు. ఎం-బుక్‌లో "నేను కొలిచాను" అని సంతకం పెట్టేది ఏఈ. తప్పుడు కొలతకు క్రమశిక్షణ చర్యా, క్రిమినల్ కేసూ మొదట ఆ సంతకం మీదికే వస్తాయి. పై అధికారి కాగితం ఆయన్నీ మీ పక్కన నిలబెడుతుందేమో గానీ, మిమ్మల్ని బయటికి తేలేదు. అప్పుడు ఇలా రాయండి: "తమ ఆదేశం అందింది. నేను కొలిచినదానికి భిన్నంగా ధ్రువీకరించడానికి నాకు వీలుకాదు. మరో అధికారిచేత తిరిగి కొలిపించవలసిందిగా కోరుతున్నాను." దాని ప్రతి ఈఈకి వెళ్లాలి.

ఇంకో అతి కూడా ఉంది. ఒక ఫోన్‌తో బెదిరిపోయి, ఆ తర్వాత ప్రతి చిన్న పనికీ "రాతపూర్వక ఆదేశాలు కోరుతున్నాను" అని ఫైలు పైకి తోసేవాళ్లుంటారు. మీ స్థాయిలోనే తేల్చవలసినదానికి పై అధికారి అనుమతి అడిగి బాధ్యత తప్పించుకోవద్దని కేంద్ర నియమావళి రూల్ 3 కింద ఉన్న వివరణే చెబుతోంది.

## 6. నోట్ పెట్టాక ఫైలు ఆపకండి

కాదని చెప్పిన అధికారి ఆ ఫైలును పక్కన పెట్టేస్తే, ఎమ్మెల్యే చేతికి ఆయుధమిచ్చినట్టే. "లంచం ఇవ్వలేదని బిల్లు తొక్కిపెట్టాడు" అన్న ఫిర్యాదు వస్తే, ఆగిన తేదీలే దానికి సాక్ష్యం.

కాబట్టి మన ఏఈ సోమవారమే వాస్తవ కొలతలు రాయాలి. 200 × 3 × 0.12, మొత్తం 72 ఘనపు మీటర్లు. కోర్ల నివేదిక జతచేసి, డీఈఈ చెక్ మెజర్‌మెంట్‌కు పంపాలి. 30 మి.మీ. లోటున్న రోడ్డును తవ్వి మళ్లీ వేయించాలా, తగ్గించిన రేటు చెల్లించాలా, పని మొత్తం తిరస్కరించాలా అన్నది ఒప్పందం షరతులను బట్టి పైస్థాయిలో తేలుతుంది. ఏఈ తేల్చేది కాదు, తేల్చినట్టు కాంట్రాక్టరుతో అననూ కూడదు. "72కు బిల్లు చేయిస్తాలే" అని మంచితనంగా అన్న మాట కూడా తర్వాత మెడకు చుట్టుకుంటుంది.

కాంట్రాక్టరుకు అదే రోజు నోటీసు ఇవ్వండి: కోర్ల ఫలితం, అభ్యంతరం తెలిపే గడువు, తిరిగి పరీక్షకు అవకాశం. ఆయన అడిగితే ఆయన ఎదుటే కోర్లు తీయించి, ఆయన సంతకం తీసుకోండి. రెండోసారి 150 వస్తే అదీ అంతే నిక్కచ్చిగా రాయండి.

## 7. ఎదురుదెబ్బ వస్తే

బెదిరింపు. ఉద్యోగిని విధి నుంచి మళ్లించడానికి హాని చేస్తానని బెదిరించడం భారతీయ న్యాయ సంహితలో 224వ సెక్షన్ కింద, చేయి చేసుకోవడం 132వ సెక్షన్ కింద నేరం. ముందు పై అధికారికి రాతలో తెలిపి, ఆ కాపీతో ఠాణాకు వెళ్లండి. చేయి చేసుకుంటే మాత్రం క్రమం చూడకండి. వైద్య పరీక్ష, ఫిర్యాదు అదే రోజు అయిపోవాలి.

ఫోన్ రికార్డింగ్. మీరు మాట్లాడిన కాల్ మీ దగ్గర రికార్డై ఉంటే, ఆ ఫోన్‌నే భద్రపరచండి. ఇంకొకరికి వాట్సాప్ చేసిన కాపీ కోర్టులో అంతగా నిలబడదు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కావాలి. దాన్ని విలేకరికో, యూనియన్ గ్రూపుకో పంపితే మాత్రం కథ తిరగబడుతుంది. అధికారిక సమాచారాన్ని అనుమతి లేకుండా బయటపెట్టారని మీ మీదే ఛార్జ్ మెమో వస్తుంది. ఈ తప్పు చేసి, అసలు కేసులో గెలవాల్సినవాళ్లు దీనిలో ఓడిపోతుంటారు.

లంచం ఇవ్వజూపితే. "వద్దు" అని పంపేస్తే సరిపోదు. ఇవ్వజూపడం కూడా అవినీతి నిరోధక చట్టం 8వ సెక్షన్ కింద నేరం. అదే రోజు పై అధికారికి, ఏసీబీకి తెలపండి. చెప్పకుండా ఉంటే, రేపు ఆ డబ్బు మీ టేబుల్ సొరుగులో దొరకవచ్చు.

బదిలీ. చాలా కేసుల్లో వచ్చేది ఇదే. ఉత్తర్వు అందిన రోజున "నేను రిలీవ్ కాను" అని కూర్చోవద్దు, సెలవు పెట్టి మాయం కావద్దు. శిక్షగా చేసిన బదిలీ చెల్లదని 2008 డిసెంబరులో సోమేశ్ తివారీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే మామూలుగా బదిలీల్లో కోర్టులు జోక్యం చేసుకోవు. దురుద్దేశం ఉందని అంటే, ఎవరిదో పేరుపెట్టి, వాళ్లను పిటిషన్లో ప్రతివాదిగా చేర్చి, తేదీలతో చూపించాలి. మీ నాలుగో అంకం నోట్ అప్పుడు కావాలి: శుక్రవారం ఫోన్, సోమవారం నోట్, గురువారం బదిలీ. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునళ్లు రద్దయ్యాయి కాబట్టి రాష్ట్ర ఉద్యోగి హైకోర్టుకే వెళ్లాలి. కేంద్ర ఉద్యోగి, అఖిల భారత సర్వీసు అధికారి కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్‌కు వెళ్లాలి.

ఎమ్మెల్యే మీద కోపంతో ఇంకో పార్టీ నాయకుడి దగ్గరికి వెళ్లి బదిలీ ఆపించుకునేవాళ్లూ ఉంటారు. ఒకటో అంకంలో చెప్పిన సిఫారసు లేఖ అప్పుడు కొత్తగా పుడుతుంది, ఈసారి వేరే రంగులో.

ఛార్జి అప్పగించేటప్పుడు తొందరపెడతారు, "రేపొచ్చి సంతకాలు పెట్టుకుందువులే" అంటారు. ఒప్పుకోవద్దు. ఆ రోజే పూర్తిచేయాల్సినవి:

- ఎం-బుక్కుల జాబితా: నంబరు, చివర రాసిన పేజీ, ఖాళీ పేజీల సంఖ్య, పుచ్చుకున్నవారి సంతకం
- వివాదంలో ఉన్న పని ఫైలు నంబరు, నోట్ ఫైల్ చివరి పేరా సంఖ్య, కరస్పాండెన్స్ చివరి పేజీ
- క్వాలిటీ కంట్రోల్ నివేదిక అసలు ప్రతి ఎక్కడుందో
- మీ చివరి కొలత కింద గీత గీసి, తేదీతో సంతకం (ఖాళీ వదిలితే ఆ ఖాళీలో మీ చేతిరాతను పోలిన అంకెలు చేరగలవు)
- ఈ-ఆఫీస్ ఇన్‌బాక్స్‌లో మిగిలిన ఫైళ్ల జాబితా, డిజిటల్ సంతకం టోకెన్ మీ దగ్గరే ఉందని సరిచూసుకోవడం

ఫైళ్ల ఫొటోకాపీలు ఇంటికి తీసుకెళ్లాలనిపిస్తుంది. వద్దు, అది మళ్లీ నియమ ఉల్లంఘనే. డైరీలో ఫైలు నంబర్లు, తేదీలు, పేజీ సంఖ్యలు ఉంటే చాలు. ఎంక్వయిరీలో ఆ పేజీలు చూపించమని అడిగే హక్కు మీకుంది. బయటినుంచైతే సమాచార హక్కు దరఖాస్తులో సరిగ్గా ఆ పేజీలే అడగవచ్చు. పేజీ నంబరు తెలిసినవాడికి "అలాంటి రికార్డు లేదు" అని జవాబివ్వడం అంత తేలిక కాదు.